చోళ్లలో ఏముంది, గంటెల్లో ఏముంది, బియ్యంలో ఏం లేదు?

(పరవాడలో రైతు సంఘం సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఎక్కడికెళ్లినా మన ఆడవాళ్లు ఒకే మాట అడుగుతున్నారు. చోళ్లు తింటే ఎముకలకు బలమట, గంటెలు తింటే రక్తం పడుతుందట, నిజమేనా అని. కొందరైతే ఏ చిరుధాన్యం తిన్నా షుగర్ తగ్గిపోతుందని కూడా అంటున్నారు. ఇందులో నిజం ఎంతో, అతి ఎంతో ఈరోజు విడదీసి చెబుతాను. నేను చెప్పే అంకెలు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికలోవి. అన్నీ వంద గ్రాముల పొడి గింజకు లెక్క.

మొదట మాంసకృత్తులు చూద్దాం. పాలిష్ పట్టిన బియ్యంలో సుమారు 8 గ్రాములు, చోళ్లలో 7, జొన్నల్లో 10, గోధుమల్లో పదిన్నర, గంటెల్లో 11. అంటే మాంసకృత్తుల లెక్కలో చోడి బియ్యం కంటే కొంచెం తక్కువే. చిరుధాన్యాలు అన్నిటా గొప్పవి అనే మాట ఇక్కడే వీగిపోతుంది. పైగా ఈ ధాన్యాలన్నిటిలోనూ లైసిన్ అనే ముఖ్యమైన భాగం తక్కువ. ఆ లోటు పప్పులు తీరుస్తాయి. గంటి అన్నంలోకి ఉలవచారు, జొన్నరొట్టెలోకి పప్పుకూర అనే మన పాత అలవాటులో ఈ తెలివే ఉంది.

మరి చోడి గొప్ప ఎక్కడుంది? సున్నంలో, అంటే కాల్షియంలో. బియ్యంలో 7 మిల్లీగ్రాములు, జొన్నల్లో, గంటెల్లో 27 చొప్పున, గోధుమల్లో 39 ఉంటే, చోళ్లలో 364 ఉంది. బియ్యం కంటే దాదాపు యాభై రెట్లు. మనం రోజూ తినే మరే ధాన్యమూ దీని దరిదాపుల్లోకి రాదు.

గంటెల గొప్ప ఇనుములో ఉంది. పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాముకు కూడా తక్కువ, 0.65 మాత్రమే. జొన్నల్లో, గోధుమల్లో 4 చొప్పున, చోళ్లలో నాలుగున్నర, గంటెల్లో 6.4 ఉంది. ఇక్కడ గమనించండి, పొట్టుతో మరపట్టిన గోధుమకూ జొన్నకూ ఇనుములోనూ పీచులోనూ పెద్ద తేడా లేదు. కాబట్టి మన అసలు పోలిక గోధుమతో కాదు, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంతో. తవుడుతోపాటే బియ్యంలోని ఇనుము, పీచు చాలావరకు పోతున్నాయి. చోడికి అలా పాలిష్ పట్టరు, గింజను పైపొరతోనే పిండి చేస్తాం. అదే దాని అదృష్టం, మన అదృష్టం కూడా.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క వేద్దాం. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకు తినే ఒక అక్కను తీసుకోండి. ఆ బియ్యం నుంచి ఆమెకు 30 మిల్లీగ్రాముల కాల్షియం, రెండున్నర మిల్లీగ్రాముల ఇనుము వస్తాయి. ఆమెకు రోజుకు కావలసింది 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 29 మిల్లీగ్రాముల ఇనుము. ఇప్పుడు బియ్యం 300 గ్రాములకు తగ్గించి, పొద్దున్న 100 గ్రాముల చోడిపిండి అంబలిగానో సంకటిగానో తీసుకుందనుకోండి. కాల్షియం 30 నుంచి 386కు పెరుగుతుంది. ఇనుము ఆరున్నరకు చేరుతుంది. చోడికి బదులు గంటెలు తింటే ఇనుము ఎనిమిది దాటుతుంది, కాల్షియం మాత్రం 50 దగ్గరే ఆగుతుంది. అందుకే రెండూ మార్చి మార్చి తినమంటున్నాను. మిగిలిన లోటు ఆకుకూరలు, పాలు, పప్పులు, చేపలు పూడ్చాలి. ఒక్క ధాన్యంతో రక్తహీనత పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

గింజలో ఉన్నదంతా ఒంటికి పట్టదు కూడా. గింజ పైపొరలో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది ఇనుమును, కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనివ్వదు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం దాని పట్టు సడలిస్తాయి. చోళ్లు ఒక రాత్రి నానబెట్టి, నీరు వంచి, తడిగుడ్డలో మూటకట్టి, తెల్లని మొలక కనబడగానే ఆరబెట్టి పిండి పట్టించండి. లేదా పిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియనిచ్చి పొద్దున్నే అంబలి కాచండి. మన అమ్మమ్మలు చేసింది ఇదే. అంబలిలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము మరింత పడుతుంది. తాగిన వెంటనే టీ తాగితే ఆ లాభం పోతుంది. పిండిని పలచని గుడ్డలో జల్లించి మెత్తటి భాగమే వాడటమూ నష్టమే. కాల్షియం ఎక్కువగా ఉన్నది ఆ పారేసే పొట్టులోనే.

షుగర్ ఉన్నవారికి ఒక హెచ్చరిక. మెత్తని పిండితో పలచగా కాచి బెల్లం కలిపిన చోడి జావ త్వరగా అరిగి రక్తంలో చక్కెరను పెంచుతుంది. గట్టి సంకటి, జొన్నరొట్టె, కూరా పప్పుతో కలిపి, కొలతగా తినడం మేలు. మందులు మానేయడం మాత్రం ప్రమాదం.

గంటిపిండితో ఇంకో చిక్కు ఉంది. గంటెల్లో నూనె 5 శాతం పైనే. పిండి పట్టాక ఆ నూనె చెడి కొద్ది రోజుల్లోనే ముక్క వాసన, చేదు వస్తాయి. పిల్లలు తినకపోవడానికి తరచు కారణం అదే. వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోండి. గింజలను మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, బాగా ఎండబెట్టి పట్టిస్తే మరికొన్నాళ్లు నిలుస్తుంది. చోళ్లకు ఈ బాధ లేదు, ఎండిన గింజ ఏళ్ల తరబడి పురుగు పట్టకుండా ఉంటుంది. థైరాయిడ్ ఉన్నవారు గంటెలనే రోజూ ముఖ్య ఆహారంగా పెట్టుకోకుండా డాక్టరును అడగండి.

ఇక రైతుగా ఒక మాట. పోషకం విత్తనంలోనూ ఉంది. పక్కనే విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన వేగావతి చోడి రకంలో ఇనుము కిలోకు 131 మిల్లీగ్రాములు, అంటే మామూలు రకాలకు అనేక రెట్లు. అక్కడి నుంచే వచ్చిన ఇంద్రావతి రకంలో కాల్షియం వంద గ్రాములకు 428 మిల్లీగ్రాములు. విత్తనం అడిగేటప్పుడు దిగుబడి ఒక్కటే కాకుండా రకం పేరు కూడా అడగండి.

2025-26కి కేంద్రం చోళ్లకు క్వింటాలుకు 4,886 రూపాయలు, సాధారణ రకం ధాన్యానికి 2,369 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. కాగితం మీద చోడి ధర రెట్టింపు పైమాటే. కానీ ధర ప్రకటించడం వేరు, కళ్లం దగ్గరికొచ్చి కొనడం వేరు. ధాన్యం కొన్నట్టు చోళ్లు, గంటెలు కొనకపోతే మెట్ట రైతు వాటిని వేయడు. వేయకపోతే మన పిల్లలు తినరు. బడిలో 2023 మార్చి నుంచి రాగిజావ మొదలుపెట్టారు, మంచిదే. ఆ చోళ్లు ఈ జిల్లా మెట్ట రైతు నుంచే మద్దతు ధరకు కొనాలని, రేషన్ దుకాణంలో బియ్యంతోపాటు చోళ్లూ గంటెలూ ఇవ్వాలని మన సంఘం అడగాలి. మీ మీ గ్రామాల్లో ఈ పంటలు ఎన్ని ఎకరాల్లో ఉన్నాయో, ఎవరికి ఏ ధరకు అమ్మారో రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. ఆ లెక్క చేతిలో ఉంటేనే మన మాట అధికారుల దగ్గర నిలుస్తుంది.