పంతొమ్మిది మంది పిల్లలు చెప్పే లెక్క

ఉట్నూరు మండలంలో ఒక సబ్‌సెంటర్ అనుకుందాం. లక్ష్యం: 80 శాతం పిల్లలకు తట్టు టీకా. ఇంటింటి సర్వే అక్కర్లేదు. జనాభాను బట్టి ఊళ్లు, గూడేలు, తండాల్లో చీటీ తీసి, 19 మంది పిల్లల కార్డులు చూస్తే చాలు. 13 మందికి లేదా అంతకు మించి టీకా పడి ఉంటే పాస్. 12 లేదా అంతకు తక్కువైతే ఆరోగ్య సిబ్బంది మళ్లీ కదలాలి.

ఈ హద్దుతో, నిజంగా 80 శాతం అందిన చోటు తప్పినట్టు తేలే అవకాశం నూటికి ఏడు. సగం మందికే అందిన చోటు పాసయ్యే అవకాశం నూటికి ఎనిమిది. మధ్యలో, 65 శాతం దగ్గర, ఫలితం ఎటైనా పడొచ్చు. 13 వచ్చిందని 68 శాతం అని రాసుకోకూడదు. ఇది వడపోత మాత్రమే. అసలు భయం వేరు: రోడ్డు పక్క ఇళ్లే చూసి, వాగు అవతలి గూడేన్ని వదిలేస్తే కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా ఆ 13కు విలువ లేదు.