మంపా, కొయ్యూరా, కృష్ణదేవిపేటా?



అల్లూరి సీతారామరాజు ఎన్నాళ్లు బతికాడు, ఎక్కడ చనిపోయాడు అన్నది బడి పిల్లలకు కూడా తెలిసిన సంగతి కదా, దాని మీద అధ్యక్షోపన్యాసం ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. నలభై ఏళ్లుగా నేను ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాను. తిరిగినకొద్దీ, అందరికీ తెలిసిందనుకున్న చోటనే ఎవరూ సరిచూడలేదని తేలింది. అందుకే ఈ పూట మన్యం తిరుగుబాటు కారణాల జోలికి పోను. ముత్తాదారుల సంగతీ, అటవీ చట్టాల సంగతీ మీకు కొత్త కాదు.

ముందు మరణస్థలం. మీ ఇంట్లో ఉన్న పుస్తకాల్లో ఏవైనా మూడు తీయండి. ఒకదానిలో మంప అని ఉంటుంది, మరొకదానిలో కొయ్యూరు, ఇంకొకదానిలో కృష్ణదేవిపేట. ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని చదివేవాడు అనుకుంటాడు. నిజానికి అవి మూడు వేరు వేరు సంగతులు చెబుతున్నాయి. 1924 మే 7న రాజు పోలీసు దళానికి చిక్కింది మంప దగ్గర. మేజర్ గుడాల్ ఉన్న కొయ్యూరు శిబిరానికి తీసుకుపోయారు. తుపాకి పేల్చింది అక్కడ. దహనం జరిగింది కృష్ణదేవిపేటలో. పట్టుబడిన చోటు, ప్రాణం పోయిన చోటు, కట్టె కాలిన చోటు అని విడదీస్తే తగువు అక్కడికక్కడే తీరిపోతుంది. విడదీయకుండా రాసేవాళ్ల చేతిలోనే అది మళ్లీ మళ్లీ మొలకెత్తుతోంది.

ఆ తప్పు నేనూ చేశాను. మొదటి వ్యాసంలో మరణస్థలం కృష్ణదేవిపేట అని రాశాను. సమాధి అక్కడుంది, దండ వేసి నమస్కరించి వచ్చాను, ఇక సందేహం ఏముందనుకున్నాను. తర్వాత కొయ్యూరు వెళ్లినప్పుడు ఒక పెద్దాయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, "బాబూ, సమాధి ఉన్నచోటే మనిషి పోయాడని రాసేస్తే ఎలాగ?" అన్నాడు. ఆయన చదువుకున్నవాడు కాదు. ఆ ఒక్క మాట నాకు ఏ గ్రంథమూ నేర్పని పాఠం నేర్పింది. సమాధి సాక్ష్యం దహనానికే, మరణానికి కాదు.

మరి కొయ్యూరనీ, మే 7 అనీ ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నాను? పది పుస్తకాల్లో ఉందని కాదు. ఆ పదింటిలో ఎనిమిది ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవే. నకళ్లు ఎన్ని ఉన్నా సాక్షి ఒక్కడే. నేను చూసేది బద్ధవైరులు ఎక్కడ ఏకీభవించారన్నది. ప్రభుత్వ పక్షం, రాజు పారిపోబోయాడని, అందుకే కాల్చవలసి వచ్చిందని చెప్పింది. మన్యం జనమూ జాతీయవాదులూ చెట్టుకు కట్టి కాల్చారని అన్నారు. ఎలా చనిపోయాడన్న దాని మీద ఈ రెండు కథనాలకూ ఉప్పూ నిప్పూ. తెల్లవాడికి తన చేతికంటిన నెత్తురు కడుక్కోవాలి, మనవాళ్లకు ఆ నెత్తురు లోకానికి చూపించాలి. అయినా రోజు దగ్గరా ఊరి దగ్గరా ఇద్దరూ ఒకే మాట అంటున్నారు. స్వార్థాలు ఎదురెదురుగా ఉన్నవాళ్లు ఒప్పుకున్న అంశమే గట్టి అంశం. మామిడిపూడి వెంకటరంగయ్య గారు కాగితాలు వెతికి సంపుటాలుగా వేసిన తర్వాత కూడా వాటిని తెరవకుండా, సినిమా చూసి మరణఘట్టం రాసేవారి గురించి ఈ వేదిక మీద ఎక్కువ మాట్లాడను. వారికి తెలుసు, మీకూ తెలుసు.

ఊరి పేరు రాసేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. తెలంగాణలో మల్హర్ మండలంలోనూ ఒక కొయ్యూరు ఉంది. ఇక జిల్లాల సంగతి. 2022లో చేసిన విభజన తర్వాత కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో పడ్డాయి. పాత పుస్తకాల్లో రెండూ విశాఖ జిల్లాయే. మరణం ఒక జిల్లాలో, సమాధి మరో జిల్లాలో ఉండడం చూసి రేపు ఎవరైనా కొత్త వివాదం లేవదీస్తే ఆశ్చర్యపోను. ఏ కాలపు జిల్లా పేరో పక్కన రాసి తీరాలి.

చనిపోయింది రాజు కాదు, ఆయన తప్పించుకుని సాధువుగా బతికాడు అనే మాట జనంలో ఉంది. దాన్ని నేను కొట్టిపారేయను, అది ప్రేమలోంచి పుట్టింది. కాని మే 7 తర్వాత ఏం జరిగిందో చూడండి. మల్లుదొర 1923లోనే దొరికిపోయి, అండమాన్ పాలయ్యాడు; మే 7 దాటిన కొద్ది వారాల్లోనే గంటందొర పోలీసు కాల్పుల్లో పోయాడు. దళం మొత్తం కుప్పకూలింది. తన మనుషులు ఒక్కొక్కరే పోతుంటే అడవి దాటి ఊరుకునే మనిషి కాడు రాజు. ఆయన గుణం తెలిసినవాళ్లు ఆ పుకారును నమ్మలేరు.

ఇక పుట్టుక. పాండ్రంగిలో, అమ్మమ్మగారింట, జూలై 4న అనే దగ్గర పెద్ద తేడా లేదు. తేడా సంవత్సరంలో. ఎక్కువమంది 1897 అంటారు, కొందరు 1898. ఏ సంవత్సరాన్ని బట్టి ప్రభుత్వం ఉత్సవం చేసిందన్నది సాక్ష్యం కాదు. పంచాంగం దగ్గరికి రండి. 1897 జూలై హేవళంబిలో, 1898 జూలై విళంబిలో పడతాయి. పక్కపక్కనే ఉన్న ఈ రెండు పేర్ల మధ్య, చెరిగిన తాటాకు మీదో నలిగిన కాగితం మీదో, ఒక్క అక్షరం పోతే ఒక ఏడాది తారుమారవుతుంది. అందుకని సంవత్సరం పేరు ఒక్కటే చూసి ఊరుకోకూడదు. 1897 జూలై 4 ఆదివారం, ఆషాఢ శుద్ధంలో అమావాస్య దాటిన నాలుగైదు రోజులకు వస్తుంది. 1898లో అదే తేదీ సోమవారం, పున్నమి దాటీ దాటని వేళ. జాతకచక్రం అని ఎవరైనా ఒక కాగితం తెస్తే చంద్రుడు ఎక్కడున్నాడో చూడండి. సూర్యుడి దగ్గర్లో ఉంటే 1897, సూర్యుడికి ఎదురుగా ఉంటే 1898. బడి రిజిస్టర్లలోని వయసును మాత్రం నమ్మకండి. అది చేర్పించిన రోజున మాస్టారు వేసిన అంకె.

1897 ప్రకారం ఆయన బతికింది 26 ఏళ్ల 10 నెలల 3 రోజులు. అంటే ఇరవై ఏడో ఏట పోయాడు. ఇరవై ఏడేళ్లకు పోయాడని రాయడం తప్పు. నడుస్తున్న ఏడాదినీ నిండిన ఏడాదినీ మన తెలుగు ఎంతో స్పష్టంగా వేరు చేస్తుంది. మనమే ఆ తేడాను పాడుచేస్తున్నాం. 1898 అనుకుంటే నిండింది పాతికే.

నా తీర్పు ఇది. మరణదినం 1924 మే 7, బుధవారం. మరణస్థలం మంప దగ్గరి కొయ్యూరు. ఈ రెండూ తేలినవి. జన్మసంవత్సరం 1897 అన్నది బలమైన పక్షం. తిథి, వారం ఉన్న సమకాలీన కాగితం పక్కన పెట్టి చూపేవరకు దాన్ని ఆ మాటతోనే రాయండి.

ఒక్క విన్నపం. రాజు గురించి ఇంత వెతికాం. ఆయన వెంట నడిచిన గాం గంటందొర పుట్టిన ఏడాది చెప్పమంటే ఈ సభలో ఎన్ని చేతులు లేస్తాయి? జైళ్లలో పోయిన కోయలు, బగతలు, కొండదొరల పేర్లు పోలీసు జాబితాల్లోనూ శిక్షల పట్టికల్లోనూ ఉన్నాయి. చెన్నైలోని పాత మద్రాసు దస్తావేజుల్లో, ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఆ కట్టలు విప్పాలి. ఒక్కో పేరుకూ పట్టుబడిన చోటు, చనిపోయిన చోటు, మట్టిలో కలిసిన చోటు అని మూడు గళ్లు గీసి నింపాలి. యువ పరిశోధకులు కనీసం ఇద్దరు ఈ పనిని మీద వేసుకుంటే, నా దగ్గరున్న నోటు పుస్తకాలన్నీ రేపు ఉదయమే వారి చేతికి ఇస్తాను.