బాకీదారు బాధ్యత - బాకీదారు హక్కు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు మా సంఘం ఆఫీసుకు వచ్చినవారిలో చాలామంది స్కాలర్‌షిప్పు ఫారాల కోసమో, పెన్షను కాగితాల కోసమో వచ్చారు. అప్పు బాధతో వచ్చినవారు మాత్రం వేరుగా కనిపించారు. వాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి, లోపల ఎవరూ లేరని చూసుకుని, అప్పుడు నోరు విప్పారు. వారికి బాకీ కంటే సిగ్గే బరువు. వసూలుకు వచ్చేవాడు ఆధారపడేది కూడా ఆ సిగ్గు మీదనే. అందుకని ఈ రోజు జామీను లేకుండా తీసుకున్న గ్రూపు అప్పుల గురించీ, వాటి వసూలుకు ఉన్న హద్దుల గురించీ చెప్పదలిచాము.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తున్నాము. తీసుకున్న అప్పు తీర్చాలి. అందులో మినహాయింపు లేదు. మన ధర్మంలో చనిపోయినవాడి ఆస్తిని వారసులు పంచుకునే ముందే అతని బాకీలు తీర్చాలి. అయితే అదే ధర్మం అప్పిచ్చినవాడికీ ఒక మాట చెప్పింది. బఖరా సూరా 280వ ఆయత్ ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువు ఇమ్మంటుంది. 282వ ఆయత్ అప్పును కాగితం మీద రాసుకోమంటుంది. గడువు, కాగితం - ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. మేము చెప్పబోయేదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

వసూలుకు వచ్చేవాడు మొదట బెదిరించేది జైలు పేరు చెప్పి. "రేపు పోలీసులొస్తారు, ఆడవాళ్ళని కూడా తీసుకుపోతారు" అంటాడు. ఇది అబద్ధం. మోసం చేసే ఉద్దేశంతో తీసుకుంటే తప్ప, అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. అది సివిల్ వ్యవహారం. కంపెనీ నోటీసు ఇవ్వవచ్చు, కోర్టులో దావా వేయవచ్చు, డిక్రీ తెచ్చుకోవచ్చు. డిక్రీ వచ్చాక కూడా, సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షన్ ప్రకారం వంటపాత్రలు, పరుపులు, కట్టుబట్టలు, చేతిపనివాడి పనిముట్లు జప్తు చేయరాదు. 56వ సెక్షన్ ప్రకారం డబ్బు డిక్రీ కోసం స్త్రీని అరెస్టు చేయకూడదు. మగవాడి విషయంలో సైతం, నిజంగా కట్టలేని బీదవాణ్ణి బాకీ కోసం జైల్లో పెట్టరాదని 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జ్ వర్గీస్ కేసులో తీర్పు చెప్పింది.

ఇందులో ఒక మెలిక ఉన్నది, అది దాచిపెట్టి చెబితే మీకు అన్యాయం చేసినవాళ్ళమవుతాము. మీరు ఇచ్చిన చెక్కు డబ్బు లేక తిరిగొస్తే సంగతి వేరు. కిస్తీ ఖాతాలోంచి దానంతటదే కోసుకునేటట్టు సంతకం చేసి, ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోయినా అంతే. వీటిపై క్రిమినల్ కేసు పెట్టే వీలుంది. దానికి ముందు లిఖితపూర్వకమైన నోటీసు రావాలి, అది అందిన తర్వాత కట్టడానికి 15 రోజులు గడువుంటుంది. కాబట్టి పోస్టులో వచ్చిన నోటీసును భయంతో తీసుకోకుండా తిప్పి పంపడం చాలా పొరపాటు. తీసుకోండి, చదివించుకోండి, ఆ 15 రోజుల్లోపల వకీలును కలవండి.

ఇక వసూలుకు ఉన్న హద్దుల సంగతి. బ్యాంకు ఏజెంటును పెట్టుకుంటే ఆ ఏజెంటు చేసిన పనికి జవాబుదారీ బ్యాంకుదే. "వాడు మా మనిషి కాదు, కాంట్రాక్టు మనిషి" అంటే చెల్లదు. ఏజెంటు దగ్గర గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. అవి చూపించమని అడగడం మీ హక్కు. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన ఆదేశం ప్రకారం, బాకీ కోసం ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత ఫోన్ చేయకూడదు. ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు జామీను లేకుండా ఇచ్చే మైక్రో ఫైనాన్సు అప్పులకైతే, అదే ఏడాది మార్చి 14న ఇచ్చిన ఆదేశాల్లో హద్దు ఇంకా గట్టిది: ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత పనికిరాదు. బూతులు తిట్టడం, అదే పనిగా ఫోన్లు చేయడం, చుట్టాలనూ, స్నేహితులనూ, పక్కన పనిచేసేవారినీ వేధించడం, బాకీదారు పేరు పదిమందిలో పెట్టడం, బాకీ ఎంతో తప్పుగా చెప్పి భయపెట్టడం ఇవన్నీ నిషిద్ధం.

మరి ఇంటికి రావచ్చా అని అడుగుతారు. మైక్రో ఫైనాన్సులో కిస్తీ కట్టే చోటు ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. వరుసగా రెండుసార్లు ఆ చోటికి బాకీదారు రాకపోతే అప్పుడు మాత్రమే ఇంటికిగాని, పనిచోటికిగాని రావచ్చు. అంటే ఇంటికి రావడమే తప్పు కాదు. వచ్చిన వేళ, అన్న మాట, ఎవరి ముందు అన్నాడన్నది - అక్కడ తప్పు పడుతుంది.

ఒక కేసు వివరంగా చెబుతాము. పేర్లు వద్దు. మన పేటలో బట్టలు కుట్టే ఒక సోదరి గ్రూపులో 40,000 రూపాయలు తీసుకున్నది. నెలకు 2,115 చొప్పున 24 కిస్తీలు. 14 కిస్తీలు ఒక్క రోజు కూడా తప్పకుండా కట్టింది. ఆటో నడిపే భర్తకు కాలు విరగడంతో తర్వాతి మూడు కిస్తీలు ఆగాయి. మూడో నెలలో ఒకరాత్రి ఎనిమిదిన్నరకు ఇద్దరు వచ్చి వాకిట్లో కూర్చున్నారు. "మొత్తం 9,800 కట్టు, లేకపోతే మిషన్ పట్టుకుపోతాం" అన్నారు. మరునాడు మరిది పనిచేసే కొట్టుకు ఫోన్ చేసి యజమానికి చెప్పారు. గ్రూపు మీటింగులో ఆమె పేరు చదివి నిలబెట్టారు.

ఆమె మా దగ్గరకు వచ్చినప్పుడు మేము అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, లోను కార్డు ఉందా?" అని. ఉంది. మైక్రో ఫైనాన్సు అప్పుకు బాకీదారుకు అర్థమయ్యే భాషలో కార్డు ఇవ్వాలి, కట్టిన ప్రతి కిస్తీ అందులో రాసి ఇవ్వాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలో కూడా అందులో ఉండాలి. మూడు కిస్తీలు లెక్కేస్తే 6,345 రూపాయలే అయ్యాయి. మిగతా మూడు వేల పైచిలుకు ఎక్కడిదని ప్రశ్న. ఆలస్యానికి జరిమానా ఉంటే అది ఆగిన మొత్తం మీదనే వేయాలి, అప్పు మొత్తం మీద కాదు. ఆ జరిమానా మీద మళ్ళీ వడ్డీ వేయకూడదు.

కార్డు మీద ఉన్న ఫిర్యాదుల అధికారికి తెలుగులోనే ఒక పేజీ ఉత్తరం రాయించాము. అందులో నాలుగే విషయాలు. అప్పు నంబరు, కట్టిన కిస్తీలు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరు వచ్చి ఏ మాట అన్నారు, ఏ నంబరునుంచి ఎవరికి ఫోన్ వచ్చింది. బాకీ లెక్క విడివిడిగా రాసి ఇవ్వమని అడగడం. చివరగా, "నేను బాకీ ఎగ్గొట్టడం లేదు, నెలకు ఇంత కట్టగలను" అన్న మాట. ఈ చివరి మాట చాలా ముఖ్యం. అది లేకపోతే ఎగవేతదారు సాకులు చెబుతోందని తోసిపారేస్తారు. ఉత్తరం రిజిస్టర్డు పోస్టులో పంపి, రసీదు కార్డుకు పిన్ను కొట్టి ఉంచాము.

పన్నెండో రోజున జవాబు వచ్చింది. జరిమానా 300 రూపాయలని తేలింది, మొత్తం 6,645. ఆ ఇద్దరినీ మార్చారు. ఆమె ఒక కిస్తీ 2,115 వెంటనే కట్టింది. మిగిలిన 4,530ని ఆరు నెలలకు 755 చొప్పున విడగొట్టి, మామూలు కిస్తీతో కలిపి నెలకు 2,870 కట్టేటట్టు కాగితం రాసుకున్నారు. ఇది కంపెనీ ఒప్పుకున్నది గనుక జరిగింది. వాయిదా పొడిగించమని అడగవచ్చుగాని, అది హక్కు కాదు. ఆలస్యం మాత్రం ఆమె క్రెడిట్ రికార్డులో ఉండిపోయింది. రేపు మరో అప్పుకు వెళితే అది కనబడుతుంది. మర్యాద తప్పినందుకు కంపెనీని నిలదీయవచ్చు, జరిగిన ఆలస్యాన్ని చెరపలేము.

జవాబు రాకపోతే ఏమిటి? బ్యాంకుగాని కంపెనీగాని 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా, ఆలస్యం చేయకుండా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కంప్యూటరులో cms.rbi.org.in అనేచోట దాఖలు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ముందు కంపెనీకి రాయకుండా నేరుగా అక్కడికి వెళితే తిప్పి పంపుతారు. అందుకే ఆ పోస్టు రసీదు బంగారంలా దాచుకోమంటున్నాము.

కొట్టడం, చంపుతామనడం, ఇంట్లో జొరబడడం, సామాను ఎత్తుకుపోవడం జరిగితే 30 రోజులు ఆగనక్కరలేదు. అది వసూలు కాదు, నేరం. నేరుగా పోలీసు ఠాణాకు వెళ్ళండి. బెదిరింపుకు భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్, ఇంట్లో జొరబాటుకు 329వ సెక్షన్ ఉన్నాయి. ఠాణాలో తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టు ద్వారా జిల్లా ఎస్పీకి పంపే వీలు చట్టంలోనే ఉన్నది.

గ్రూపులో ఉన్న సోదరీమణులకు ఒక మాట. సాటి సభ్యురాలి అప్పుకు మీరు పూచీ సంతకం పెట్టి ఉంటే ఆ బాకీ మీ మీదకూ వస్తుంది. సంతకం పెట్టనివారికి, పక్కింటివారికి, మరిదికి, బావకు ఆ బాకీతో ఏ సంబంధమూ లేదు. అందుచేత సంతకం పెట్టే రోజునే కాగితం చదివించుకోండి. మన ఆఫీసులో ఆదివారం ఉదయం చదివిపెట్టేవారు ఉంటారు. కార్డు, రసీదులు, వచ్చిన నోటీసులు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని రండి. గుమ్మం దగ్గర నిలబడవద్దు, లోపలికి రండి.