వెట్జ్లర్ విడిచి వెళ్లినవాడు



ఇంకొకరితో ముడిపడిన మనిషి మీద మనసు పడితే ఏం చెయ్యాలి అన్నది ఈ ఏటి ఉపన్యాస విషయమని తెలిసి ఒకరిద్దరు పెద్దలు నవ్వారు. కుర్రకారు గొడవలకు స్మారకోపన్యాసం ఎందుకన్నారు. కుర్రకారుకే పరిమితమైన గొడవైతే నేనూ ఒప్పుకునేవాణ్ణి. పెళ్లయి పిల్లలున్నవాళ్లకీ వస్తుంది, పదవీ విరమణకు దగ్గరపడ్డవాళ్లకీ వస్తుంది. వచ్చాక ఎలా మెలగాలో మనకు చెప్పినవాళ్లు లేరు. మన సినిమాలు చెప్పాయంటారా? 1953లో వచ్చిన ‘దేవదాసు’ చూసి ఏడవనివాళ్లు ఈ హాల్లో తక్కువే ఉంటారు. చివరికి అతను పార్వతి అత్తవారింటి గుమ్మం ముందుకొచ్చి ప్రాణం వదులుతాడు. దాన్ని ప్రేమకు పరాకాష్ఠ అనుకున్నాం. మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఆమె ఎలా బతకాలి అన్న ప్రశ్న మనలో ఎంతమందికి వచ్చింది?

ఎవరి స్మారకంగా ఈ ఉపన్యాసమో ఆ మాస్టారు యూరోపియన్ నవల పాఠం చెప్పేవారు కాబట్టి ఆయనకిష్టమైన చోటి నుంచే ఒక ఉదంతం తీసుకుంటాను. అందులో ముగ్గురికి ముగ్గురూ నిజంగా బతికినవాళ్లు. ఉత్తరాలూ డైరీ మిగిలాయి గనక ఎవరు ఎప్పుడు ఏం చేశారో చాలావరకు తెలుసు.

1772లో గోథేకి ఇరవై రెండేళ్లు. తండ్రి మాట మీద న్యాయవాద అనుభవం కోసం జర్మనీలోని వెట్జ్లర్ అనే చిన్న ఊరొచ్చాడు. సామ్రాజ్య ఉన్నత న్యాయస్థానం ఆ ఊళ్లోనే ఉండేది. జూన్ 9న పక్క పల్లెలో జరిగిన నృత్య విందులో షార్లట్ బుఫ్‌ని చూశాడు. అందరూ లోట్టె అని పిలిచేవారు. పందొమ్మిదేళ్ల పిల్ల. అంతకుముందు ఏడాదే తల్లి పోవడంతో తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ సాకే భారం ఆమె మీద పడింది. హానోవర్ రాయబార కార్యాలయంలో కార్యదర్శిగా ఉన్న కెస్ట్‌నర్‌తో ఆమెకు అప్పటికే పెళ్లి మాట కుదిరింది. ఆ సంగతి ఊరంతా చాటలేదు. ఆ రాత్రి గోథేకి తెలియదు.

తెలియకుండా కలిగిన ఇష్టానికి ఎవరూ దోషి కారు. మనిషి మెలిగే తీరుకు లెక్క మాత్రం, సంగతి తెలిసిన మర్నాటి నుంచి మొదలవుతుంది. గోథే ఆ వేసవంతా లోట్టె ఇంటికి వెళ్తూనే ఉన్నాడు. కెస్ట్‌నర్‌తోనూ స్నేహం కుదిరింది. ముగ్గురూ కలిసి తిరిగేవారు. కెస్ట్‌నర్ పొద్దంతా కచేరీలో పని చేసుకుంటుంటే గోథే తోటలో చిక్కుళ్లు ఏరే లోట్టె పక్కన కూర్చునేవాడు. ఆగస్టు నడిమిలో ఒకరోజు ఆమెను ముద్దు పెట్టుకున్నాడు. ఆమె ఆ సంగతి కెస్ట్‌నర్‌కి దాచకుండా చెప్పింది. రెండు మూడు రోజులకు గోథేకీ ముఖం మీదే చెప్పింది, స్నేహం తప్ప మరేదీ తన దగ్గర ఆశించవద్దని. అతని ముఖం పాలిపోయిందని కెస్ట్‌నర్ డైరీలో రాసుకున్నాడు.

ఈ ఉదంతంలో నేను ఎక్కువ గౌరవించేది ఆ మాట చెప్పిన లోట్టెనే. ఎందుకో చెప్తాను. అమెరికన్ మనస్తత్వవేత్త డొరొతీ టెనోవ్ ఇలాంటి వ్యామోహం మీద వందలమందిని అడిగి తెలుసుకుని 1979లో ఒక పుస్తకం వేశారు. ఆ వ్యామోహానికి ఆమె పెట్టిన పేరు ‘లైమరెన్స్’. ఆమె గమనించినదేమంటే, ఆ మంట ఆరకుండా ఉండాలంటే కొంచెం ఆశా కావాలి, కొంచెం సందేహమూ కావాలి. అవునని తేలినా, కాదని గట్టిగా తేలినా అది నెమ్మదించే అవకాశం ఎక్కువ. తేలకపోతేనే ఏళ్లు సాగుతుంది. నవ్విందంటే ఒక అర్థం, నవ్వలేదంటే ఇంకో అర్థం వెతుక్కుంటూ మనిషి అక్కడే తిరుగుతాడు. లోట్టె ఆ సందేహాన్ని తీసేసింది. అయితే రోజూ ఎదురుపడుతూ ఉంటే తీసేసిన సందేహం మళ్లీ మొలుస్తుంది. మెర్క్ అనే స్నేహితుడు వెళ్లిపొమ్మని గోథేని తొందరపెట్టాడు.

సెప్టెంబరు 10 సాయంత్రం ముగ్గురూ కూర్చుని మరణం తర్వాత ఏముంటుందని మాట్లాడుకున్నారు. మర్నాడు తను ఊరు విడుస్తున్నట్టు గోథే చెప్పలేదు. 11న పొద్దున్నే బయల్దేరాడు. ఇద్దరికీ చీటీలు రాసి పెట్టి వెళ్లాడు. చెప్పకుండా పోవడం మర్యాదా అని అడగవచ్చు. నా మట్టుకు మర్యాదే. చెప్పి ఉంటే వీడ్కోలు ఘట్టం ఒకటి నడిచేది. కన్నీళ్లు, ఓదార్పులు, ఇంకో వారం ఉండమనడం. ఓదార్చే పని లోట్టె మీద పడేది. చీటీ పెట్టి వెళ్లడంతో ఆ బరువు ఆమె మీద పడలేదు. ఏమయ్యాడో అన్న బెంగా లేదు.

అదే ఊళ్లో అదే ఏడు ఇంకో యువకుడున్నాడు. కార్ల్ యెరూజలెం, అతనూ ఒక రాయబార కార్యాలయ కార్యదర్శే. సహోద్యోగి భార్య మీద మనసు పడ్డాడు. ఆమెకు చెప్పేశాడు. ఆ ఇంటి గడప తొక్కవద్దన్నారు. పై అధికారితో వైరం, పెద్దింటివాళ్ల సభలో అవమానం అప్పటికే ఉన్నాయి. అక్టోబరు చివర ఆత్మహత్య చేసుకున్నాడు. ప్రేమ వల్లే పోయాడని చెప్పడం తప్పు. చుట్టూ తలుపులన్నీ మూసుకున్నవాడికి అదొక్కటే తలుపులా కనిపించిందని మాత్రం అనుకుంటాను. ఆ దారి తలపుకొచ్చినవాళ్లు ఈ సభలోనో ఈ ఉపన్యాసం చదివేవాళ్లలోనో ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇప్పుడు మన కాలానికొద్దాం. ఊరు విడిచి వెళ్లడం గోథేకి కుదిరింది, తండ్రి డబ్బున్నవాడు. ఇంటి అప్పు కిస్తీలు కడుతున్నవాడు ఎక్కడికి వెళ్తాడు? హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అనుకుందాం. ఒకే ప్రాజెక్టులో అతనూ ఆమే. ఆమెకు నిశ్చితార్థం అయింది. అతనికి తెలుసు. టీ తాగేటప్పుడు ఆమె కాబోయేవాడి మీద చిన్న చిన్న ఫిర్యాదులు చెప్తుంది. ఫోన్ ఎత్తడు, వాళ్లమ్మ మాట దాటడు, ఇలాంటివి. అతను శ్రద్ధగా వింటాడు. తనంత బాగా వినేవాడు ఆమెకు లేడని అతని నమ్మకం. ప్రమాదమంతా ఆ నమ్మకంలోనే ఉంది. ఆ ఫిర్యాదుల్లో ఒక్కొక్కటీ అతని ఆశకు మేత. అతని ఓదార్పులో స్వార్థం ఎంతో, స్నేహం ఎంతో అతనికే తెలియదు. కాబట్టి మొదట మానాల్సింది ఆ వినడం. ముఖం తిప్పుకోనక్కర్లేదు. “ఈ మాట ఆయనతోనే అనండి, నాతో అంటే ఏం లాభం?” అని ఒకసారి మామూలుగా అంటే చాలు. కొట్టడమో బెదిరించడమో ఉందని ఆమె చెప్తే అది వేరే సంగతి. అప్పుడు సాయం చెయ్యాలి, ఆమె ఇంటివాళ్లనీ స్నేహితురాళ్లనీ కలుపుకుని చెయ్యాలి. తానొక్కడే రక్షకుడై నిలబడకూడదు.

రెండోది, చెప్పేస్తే మనసు తేలికవుతుందన్న సలహా. తేలికయ్యేది చెప్పినవాడి మనసు. విన్న మనిషికి ఆ క్షణం నుంచి ఒక రహస్యం మోత. కాబోయేవాడికి చెప్పాలా వద్దా? చెప్తే ఉద్యోగం మానమంటాడేమో. చెప్పకపోతే దాచినట్టవుతుందేమో. రేపు మీటింగులో ఇతని పక్కన ఎలా కూర్చోవాలి? ఆమె అడగని ఈ బరువును ఆమె నెత్తిన పెట్టే హక్కు అతనికి లేదు. చెప్పుకోకుండా ఉండలేకపోతే ఆమెను ఎరగని స్నేహితుడికి చెప్పుకోవచ్చు, కౌన్సెలర్‌కి చెప్పుకోవచ్చు. ఇద్దరికీ తెలిసినవాళ్లకు చెప్తే వారం తిరక్కుండా ఆమె చెవిన పడుతుంది. బహుశా అందుకే చెప్తాం కూడా.

మూడోది చాలామంది పొరబడేది. దూరం జరగడం వేరు, దూరం జరిగినట్టు కనపడటం వేరు. నిన్నటిదాకా నవ్వుతూ పలకరించినవాడు ఇవాళ ముభావంగా, పొడి మాటలతో, వాట్సాప్‌లో రోజూ ఒక విషాద గీతం స్టేటస్ పెడుతూ ఉంటే అది దూరం కాదు, ఉత్తరం. ‘ఏమైంది?’ అని ఆమె అడగాలనే అదంతా. నిజమైన దూరం ఎవరి కంటా పడదు. మిగతా జట్టువాళ్లతో ఎలా మాట్లాడతాడో ఆమెతోనూ అలాగే. పొద్దుపోయాక మెసేజీలు ఉండవు. ఇద్దరే మిగిలే టీలూ క్యాబులూ మెల్లగా తగ్గుతాయి. వీలైతే ఇంకో మాడ్యూల్‌కి మారతాడు, మేనేజర్‌కి పని కారణమే చెప్తాడు. ఆమె స్టేటస్‌ను మ్యూట్ చేస్తాడు, లాస్ట్ సీన్ చూడటం మానేస్తాడు. ఆమె కాబోయేవాడు పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్నా ఇదే మాట ఇలాగే అంటానా అని ప్రతి అడుగుకీ ముందు తనను తాను అడుగుతాడు. గోథే ఆ వేసవిలో ఆ పరీక్షలో చాలాసార్లు నెగ్గాడు, ముద్దు రోజున ఓడాడు.

ఆమె పెళ్లి చెడుతుందేమోనని ఎదురుచూస్తూ దగ్గర్లో కాపు కాయడం కూడా దూరం కాదు. నిశ్చితార్థం ఉంచుకోవాలో వద్దో ఆమె నిర్ణయం. ఇతని లెక్కలో అది ఉండకూడదు.

గోథేని ఆదర్శ పురుషుణ్ణి చేసి ముగిస్తే ఉపన్యాసం అందంగా ఉంటుంది, అబద్ధంగానూ ఉంటుంది. 1773 వసంతంలో లోట్టెకి కెస్ట్‌నర్‌తో పెళ్లయింది. ఉంగరాలు గోథేయే కొని పంపాడు. ఆ తర్వాత ఏడాది గోథే నవల ‘యువ వెర్థర్ వేదనలు’ అచ్చయింది. నాయిక పేరు లోట్టె. ఆమె తల్లి లేని పిల్ల, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ రొట్టె కోసి పెడుతుంది. పెళ్లాడేవాడు ఆల్బర్ట్, మంచివాడే గానీ చప్పిడి మనిషి. యెరూజలెం చావు వివరాలను కెస్ట్‌నరే స్నేహంతో గోథేకి రాసి పంపాడు. అవన్నీ నవల చివర్లోకి చేరాయి. యూరప్ అంతా ఆ పుస్తకం చదివింది. అసలు లోట్టె ఎవరో, అసలు ఆల్బర్ట్ ఎవరో జనం పసిగట్టారు. తనను అలాంటి మొద్దును చేశాడని కెస్ట్‌నర్ బాధపడ్డాడు. జరిగిన దానికి కొంత కల్పన కలిపి లోకం తన భార్య గురించి మాట్లాడుకోవడం అతనికి మింగుడు పడలేదు.

గోథే కాళ్లతో ఊరు విడిచాడు, కలంతో తిరిగొచ్చి వాళ్ల ఇంట్లో కూర్చున్నాడు. గొప్ప నవల కదా, అంత మాత్రం చెల్లదా అని సాహిత్యం మీద ప్రేమ ఉన్నవాళ్లు అంటారు. నవల గొప్పదే. కెస్ట్‌నర్ దంపతులకు జరిగింది మాత్రం అన్యాయమే. రెండూ ఒకేసారి నిజం. ఇవాళ నవల రాసేంత ఓపిక మనలో ఎవరికీ లేదు. పేరు రాయకుండా ఫేస్‌బుక్‌లో ఒక కవిత పెడతాం, అందరికీ అర్థమయ్యేలా. చేసేది ఆ పనే, నవల లేకుండా.

తప్పు దిద్దుతానని గోథే 1774లోనే కెస్ట్‌నర్‌కి ఉత్తరంలో మాటిచ్చాడు. దిద్దిన కూర్పు 1787లో వచ్చింది. అందులో ఆల్బర్ట్‌ని కొంత ఎత్తుకు తెచ్చాడు, లోకం తప్పుపట్టే పోకడలు తగ్గించాడు. కెస్ట్‌నర్ అప్పటికి నడివయసుకొచ్చాడు. ఆ నవల మీలో ఎవరైనా చదవదలచుకుంటే ఆ రెండో కూర్పు వెతికి పట్టుకోండి. వెర్థర్ కోసం ఎలాగూ ఏడుస్తారు, ఆల్బర్ట్ ఉన్న పుటలు ఇంకోసారి నిదానంగా చదవండి.