మధ్యాహ్నం వచ్చిన తల్లులను ఎందుకు పంపేశారంటే

మన పీహెచ్‌సీ వైద్యాధికారి గారిని పరిచయం చేస్తున్నాం. కిందటిసారి మధ్యాహ్నం వచ్చిన తల్లులను టీకా వేయకుండా పంపేసింది వీరేనని కొందరికి కోపం. నిజం చెప్పాలంటే మాకూ వచ్చింది. తర్వాత అడిగి తెలుసుకున్నాం.

తట్టు, రుబెల్లా టీకా పొడిగా వస్తుంది. ద్రావకం కలిపాక 4 గంటలే వాడాలి. ఆపైన సీసాలో సూక్ష్మక్రిములు పెరిగితే బిడ్డ ప్రాణానికే ముప్పు. ఆ రోజు చివరి సీసా ఉదయం 9 గంటలకు కలిపారు. సగం మిగిలినా ఒంటిగంటకు పక్కన పెట్టేశారు. సీసా మీద కలిపిన సమయం రాసి ఉంటుంది, ఈసారి అడిగి చూడండి. మేడం ఏమీ అనుకోరు.

9 నెలలు నిండిన బిడ్డలను, రెండో డోసుకు 16 నుంచి 24 నెలల వారిని పొద్దున్నే తీసుకురండి. మేడం గారూ, మాట్లాడండి.