మూల కాలమ్‌కి ఇంకో ఛాన్స్ ఎందుకు? గేమ్ బాట్ లోపలి లెక్క

ఈరోజు కనెక్ట్ ఫోర్ ఆడే బాట్ ఎలా ఆలోచిస్తుందో చూద్దాం. ఆట తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పేస్తా. ఏడు కాలమ్‌లు, ఆరు వరుసల నిలువు బోర్డు. పైనుంచి బిళ్ళ వేస్తే కిందకి జారుతుంది. అడ్డంగానో, నిలువుగానో, ఏటవాలుగానో నాలుగు బిళ్ళలు ముందు కలిపినవాళ్లదే గెలుపు.

మన బాట్‌కి ఈ ఆటలో ఏ తెలివీ నేర్పలేదు అనుకోండి. ఒక ఎత్తు వేసి చూస్తుంది, అక్కడినుంచి ఇద్దరి తరఫునా రాండమ్‌గా చివరిదాకా ఆడేస్తుంది, గెలిచిందో ఓడిందో రాసుకుంటుంది. ఇలా వేలసార్లు. ఇదే మాంటే కార్లో ట్రీ సెర్చ్‌కి పునాది. అసలు చిక్కు ఏంటంటే, తర్వాతి ట్రయల్ ఏ ఎత్తు మీద ఖర్చు పెట్టాలి?

గెలుపు శాతం ఎక్కువున్న ఎత్తునే మళ్ళీ మళ్ళీ ఆడితే? మంచి ఎత్తు ఒకటి మొదటి రెండు రాండమ్ ఆటల్లో దురదృష్టంకొద్దీ ఓడిందనుకోండి, దాని శాతం సున్నా. ఇక దాని మొహం ఎవరూ చూడరు. పోనీ అన్నిటికీ సమానంగా పంచుదామా అంటే, పనికిరాని ఎత్తుల మీదే సగం టైమ్ అయిపోతుంది. తెలిసిన మంచిదాన్ని వాడుకోవడం ఎక్స్‌ప్లాయిటేషన్, తెలియనిదాన్ని వెతకడం ఎక్స్‌ప్లోరేషన్. ఈ రెండింటి మధ్య తూకం వేసే రూల్ ఇది:

```
score = w/n + c * sqrt(ln(N)/n)
```

`w` అంటే ఆ ఎత్తు గెలిచిన ఆటలు, `n` అంటే దాన్ని ఎన్నిసార్లు చూశాం, `N` అంటే మొత్తం ట్రయల్స్. మొదటి భాగం గెలుపు శాతం. రెండోది "నిన్ను తక్కువసార్లు చూశాం కదా" అని ఇచ్చే బోనస్. 2006లో లెవెంటె కోచిష్, చాబా సెపెష్వారి దీన్ని ట్రీకి వాడి యూసీటీ అన్నారు. అంతకుముందు ఇది ఏ స్లాట్ మెషీన్‌లో డబ్బులు పెట్టాలి అనే ప్రాబ్లమ్ కోసం వచ్చిన ఫార్ములా.

ఇప్పుడు లెక్క వేద్దాం. మూడు కాలమ్‌లే ఖాళీగా ఉన్నాయి, 100 ట్రయల్స్ అయ్యాయి. మధ్య కాలమ్ 60లో 36 గెలిచింది, పక్కది 30లో 15, మూలది 10లో 4. శాతాలు 0.60, 0.50, 0.40. `c` విలువ 1.414 పెడితే స్కోర్లు వరసగా 0.99, 1.05, 1.36. అంటే తర్వాతి ఛాన్స్ అన్నిటికంటే వీక్‌గా కనిపిస్తున్న మూల కాలమ్‌కే! పది ఆటల సాక్ష్యం చాలదు అంటోంది ఫార్ములా.

మరి మూలది అలాగే ఓడిపోతూ ఉంటే? వరసగా ఐదుసార్లు ఓడాక దాని స్కోరు 1.054కి పడుతుంది, పక్క కాలమ్ 1.057తో ముందుకొస్తుంది. ఛాన్స్ దానికి వెళ్తుంది. అలాగని మూలదాన్ని శాశ్వతంగా వదిలేయలేదు. `N` పెరిగేకొద్దీ `ln(N)` నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు దాని వంతు మళ్ళీ వస్తుంది. నాకు ఈ ఫార్ములాలో బాగా నచ్చేది ఈ ఓపికే.

`c` ని 0.3కి తగ్గించి మొదటి 100 ట్రయల్స్ లెక్కే మళ్ళీ వేయండి. 0.68, 0.62, 0.60. ఇప్పుడు మధ్య కాలమే మళ్ళీ వస్తుంది. 1.414 అంటే రూట్ టూ, థియరీ నుంచి వచ్చిన నంబర్, అంతే. మీ ఆటకి ఎంత సరిపోతుందో రెండు బాట్‌లని వేర్వేరు `c` తో పోటీ పెట్టి చూసుకోవాల్సిందే.

చివరికి నిజంగా ఎత్తు వేసేటప్పుడు మాత్రం బోనస్ తీసేయాలి. చాలామంది గెలుపు శాతం చూడరు, ఎక్కువసార్లు చూసిన ఎత్తునే వేస్తారు. మూడు ఆటల్లో మూడూ గెలిచిన ఎత్తు కంటే, వెయ్యిలో ఆరొందలు గెలిచినదే నమ్మకమైనది.

ఇదే రూల్ ట్రీలో కింద ప్రతి మెట్టులోనూ నడుస్తుంది, ఎదుటివాడి వంతులో కూడా. కోడ్‌లో ఎక్కువగా తేడా కొట్టేది ఇక్కడే. అక్కడ `w` అంటే ఎదుటివాడి గెలుపులు. అది మార్చకపోతే, ఎదుటివాడు మనకి సాయం చేసే ఎత్తులే వేస్తాడని బాట్ నమ్మేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, బాట్ మామూలుగానే ఆడుతున్నట్టు ఉంటుంది. ట్రయల్స్ వంద నుంచి పదివేలకి పెంచండి. ఆట బాగుపడాల్సింది పోయి చెడిపోతే, ముందు ఈ లైనే చూడండి.

ఇంకో టెస్ట్ ఉంది. ఖాళీ బోర్డు ఇవ్వండి. మొదట ఆడేవాళ్లు మధ్య కాలమ్‌లో వేసి, తర్వాత తప్పు చేయకపోతే గెలుస్తారని 1988లోనే తేల్చేశారు. కొన్ని వేల ట్రయల్స్ తర్వాత కూడా మీ బాట్ మధ్యలో వేయట్లేదంటే, `c` ని కెలికేముందు కోడ్ చూడండి. ఉంటా మరి.