చదువు అప్పు, మొదటి నౌకరి, ఆ తర్వాత పదేళ్లు
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల్లో చాలామంది బిడ్డల ఇంజనీరింగ్, నర్సింగ్ చదువుల కోసం బ్యాంకులో సహ రుణగ్రహీతలుగా సంతకం పెట్టారు. ఆ సంతకం సాక్షి సంతకం కాదు. బిడ్డ కట్టకపోతే కట్టాల్సింది మనమే. అందుకే మొదటి నౌకరి సంగతి తల్లీబిడ్డలు కలిసి లెక్క వేసుకోవాలి.

లెక్క కోసం మిర్యాలగూడ దగ్గరి ఒక బిడ్డను అనుకుందాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లలో 4 లక్షలు తీసుకుంది. వడ్డీ ఏడాదికి నూటికి 10, అంటే మన లెక్కలో నెలకు నూటికి 83 పైసలు. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదా కట్టనక్కర లేదు. కానీ వడ్డీ మాత్రం ఆగదు. మొదటి లక్షకు ఐదేళ్ల వడ్డీ, చివరి లక్షకు రెండేళ్ల వడ్డీ, అన్నీ కలిపితే 1 లక్షా 40 వేలు. వాయిదా మొదలయ్యే రోజుకు అప్పు 5 లక్షల 40 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140 కట్టాలి.

ఇక్కడ ఒక మాట. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, చదివేది వృత్తి విద్య అయితే, కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ వర్తిస్తుందేమో బ్యాంకులో అడగండి. అది వస్తే ఆ 1 లక్షా 40 వేల భారం పోయి వాయిదా 5,290కి దిగుతుంది. చదువు నడుస్తుండగానే, ఆదాయ ధ్రువీకరణ పత్రం పట్టుకుని వెళ్లి అడగాలి.

ఇప్పుడు బిడ్డకు రెండు నౌకర్లు వచ్చాయి. ఒకటి మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులో, జీతం 14 వేలు. ఇంట్లోనే ఉంటుంది, బస్సుకు 2 వేలు పోతే 12 వేలు మిగులుతాయి. రెండోది హైదరాబాద్‌లో, చేతికొచ్చేది 22 వేలు. హాస్టల్‌కు ఏడున్నర వేలు, బస్సు, ఫోను, బట్టలకు 4 వేలు పోతే మిగిలేది పదిన్నర వేలే. జీతం ఎక్కువున్న చోట మిగులు తక్కువ. వాయిదా కట్టాక ఇక్కడ 4,860, అక్కడ 3,360.

అయితే మిల్లు నౌకరే మంచిదా? ఇంకో ప్రశ్న అడగాలి. అదే కుర్చీలో ఐదేళ్లుగా పనిచేస్తున్న మనిషికి ఇప్పుడు ఎంత వస్తుంది? 16 వేలే అంటే, పదేళ్లూ వాయిదాతోనే సరిపోతుంది. హైదరాబాద్ కంపెనీలో మూడేళ్లు చేసినవాళ్లకు 35 వేలు వస్తున్నాయంటే, మొదట్లో నెలకు 1,500 తక్కువ మిగిలినా ఆ దారే మేలు. ఈ మాట ఆఫర్ లెటర్‌లో ఉండదు, అక్కడ చేస్తున్నవాళ్లనే అడిగి తెలుసుకోవాలి. "ఆరు నెలలు జీతం లేని ట్రైనింగ్", "ముందు డబ్బు కడితే నౌకరి" అన్నారంటే అప్పున్న ఇంటికి అది పనికిరాదు.

సర్కారు నౌకరి పరీక్షలకు చదువుతానంటే వద్దనకండి. కానీ ఆ వాయిదా లేని ఏడాదిలోనే ఒక తారీఖు పెట్టుకోండి. ఆ ఏడాది కోచింగ్, హాస్టల్ ఖర్చు కాక నెలకు 3,300 వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. తారీఖు దాటితే ఏదో ఒక నౌకరిలో చేరి చదవాలి.

ఇక పదేళ్ల ప్లాన్. మొదటి మూడేళ్లు వాయిదా తప్పకుండా కట్టడమే పని. ముందుగా మూడు వాయిదాల డబ్బు, అంటే 21 వేల పైచిలుకు, విడిగా పొదుపు చేయాలి. నౌకరి పోతే అదే కాపాడుతుంది. మూడు నెలలు వాయిదా ఆగితే ఖాతా మొండి బాకీ అవుతుంది. బిడ్డ పేరు మీదే కాదు, సంతకం పెట్టిన తల్లి పేరు మీద కూడా సిబిల్‌లో మచ్చ పడుతుంది. రేపు మనకే అప్పు పుట్టదు. వాయిదా కోసం బయట రెండు రూపాయల వడ్డీకి తేవద్దు. అది బ్యాంకు వడ్డీకి రెండింతలు దాటుతుంది. ఇబ్బంది వస్తే వాయిదా తప్పకముందే మేనేజర్‌ను కలిసి గడువు పెంచమని అడగండి.

మూడేళ్లకు జీతం పెరిగాక వాయిదాను 11 వేలు చేస్తే, పదేళ్ల అప్పు ఏడేళ్లలో తీరుతుంది, 75 వేలకు పైగా వడ్డీ మిగులుతుంది. మారే వడ్డీ మీద తీసుకున్న అప్పును ముందే కట్టినందుకు జరిమానా ఉండదు. కట్టిన ప్రతిసారి గడువు తగ్గించమని చెప్పి రసీదు తీసుకోండి.

ఈ ఏడేళ్లలోనే పెళ్లి కూడా వస్తుంది. అప్పు సంగతి దాచకండి. పెళ్లయ్యాక కూడా బిడ్డ జీతంలోంచే వాయిదా పోతుందని సంబంధం మాట్లాడేటప్పుడే పెద్దల ముందు చెప్పండి. చెప్పకపోతే వాయిదా ఆగుతుంది, నోటీసు మాత్రం తల్లి ఇంటికే వస్తుంది.

వచ్చే నెల సంఘం మీటింగ్‌కు ప్రతి ఒక్కరూ చదువు అప్పు మంజూరు కాగితం, ఖాతా స్టేట్‌మెంట్ తీసుకురండి. వాయిదా ఎప్పుడు మొదలు, నెలకు ఎంత అన్నది కూర్చుని రాసుకుందాం. బిడ్డ నౌకరికి వెళ్లే ముందే ఆ అంకె తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ తెలిసి ఉండాలి.